‘డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేయండి’ అంటున్న బ్యాంకు యాప్: ఏది స్విచ్‌తో పోతుంది, ఏది పోదు

కాలేజీ ఫీజు కట్టడానికి ఈ రోజే ఆఖరు. అకౌంట్‌లో డబ్బుంది, ఫోన్‌లో సిగ్నల్ ఉంది, పిన్ గుర్తుంది. కానీ బ్యాంకు యాప్ తెరవగానే ఇంగ్లీషులో ఒక బాక్సు వస్తుంది. ‘మీ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నాయి, భద్రత కోసం యాప్ మూసేస్తున్నాం’ అని దాని సారాంశం. ‘ఓకే’ నొక్కితే యాప్ మాయం. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే బాక్సు. కొన్ని ఫోన్లలో అదే చోట ‘మీ ఫోన్ రూట్ అయి ఉంది’ అని వస్తుంది.

రెండు మెసేజీలూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది రెండింటినీ ఒకే జబ్బు అనుకుంటారు. ఫోన్‌కు వైరస్ పట్టిందని కంగారుపడేవాళ్లు, యాప్ తీసేసి మళ్లీ వేసేవాళ్లు, ఫోన్ మొత్తం రీసెట్ కొట్టేవాళ్లు, చివరికి మొబైల్ షాపులో ఐదొందలు ఇచ్చి వచ్చేవాళ్లు ఉన్నారు. నిజానికి ఇవి రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది ఒక స్విచ్. ఇంట్లోనే నిమిషంలో ఆపేయొచ్చు. రెండోది తెగిన సీలు. రీసెట్ కొట్టినా అది అతుక్కోదు. మీ ఫోన్‌కు వచ్చింది ఏదో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఏడుసార్లు నొక్కితే తెరుచుకునే మెనూ

ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ డెవలపర్ ఆప్షన్స్ అనే సెట్టింగుల పేజీ ఉంటుంది. యాప్‌లు తయారుచేసేవాళ్లు తమ యాప్‌ను ఫోన్‌లో పరీక్షించుకోవడానికి పెట్టింది అది. మామూలు వాడకందారుకు దానితో పని లేదు కాబట్టి 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి గూగుల్ దాన్ని దాచేసింది. సెట్టింగ్స్‌లో ‘About phone’ లోకి వెళ్లి ‘Build number’ అనే చోట వరసగా ఏడుసార్లు నొక్కితే తప్ప అది కనిపించదు.

మరి ఎవరూ నొక్కకుండా అది ఎలా ఆన్ అయింది? ఎవరో నొక్కే ఉంటారు, గుర్తుండదు, అంతే. ఎక్కువ ఇళ్లలో కారణం ‘ఫోన్ స్పీడ్ పెంచే ట్రిక్’ అని యూట్యూబ్‌లో తిరిగే వీడియో. డెవలపర్ ఆప్షన్స్‌లో యానిమేషన్ స్కేల్ అనే మూడు సెట్టింగులను 1 నుంచి 0.5కి తగ్గిస్తే స్క్రీన్లు త్వరగా మారతాయి. పాత ఫోన్ కాస్త చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది నిజంగానే పనిచేస్తుంది, హాని కూడా లేదు. వీడియోలో చెప్పనిదల్లా ఆ తర్వాత బ్యాంకు యాప్ మొరాయించొచ్చనే ముక్క.

రెండో కారణం రిపేరు షాపు. డిస్‌ప్లే పగిలిన ఫోన్ నుంచి ఫొటోలు తీయడానికో, పాత ఫోన్ డేటా కొత్తదాంట్లోకి ఎక్కించడానికో కంప్యూటర్‌కు కలుపుతారు. అప్పుడు డెవలపర్ ఆప్షన్స్‌లోని ‘USB debugging’ ఆన్ చేస్తారు. పని అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోతారు. మూడోది ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు. వాళ్లు తమ ప్రాజెక్టు యాప్‌ను అమ్మీ ఫోన్‌లో వేసి చూస్తారు.

బ్యాంకుకు దేనికి భయం

భయమంతా ఆ ‘USB debugging’ అనే ఒక్క సెట్టింగు మీదే. అది ఆన్‌లో ఉండి, ఫోన్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిసి ఉంటే, ఆ కంప్యూటర్ ఫోన్‌కు ఆదేశాలు పంపగలదు. యాప్‌లు వేయగలదు, తీయగలదు. స్క్రీన్ ఫొటో తీయగలదు. వేలితో నొక్కినట్టే స్క్రీన్ మీద ఫలానా చోట నొక్కమని చెప్పగలదు. ఫోన్‌లో యాప్‌లు రాసుకునే లాగ్‌లు చదవగలదు. ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ కూడా అక్కర్లేకుండా వైఫై మీద ఇదే పని చేసే ‘Wireless debugging’ వచ్చింది.

అలాగని ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఎవడో దూరం నుంచి దూరి డబ్బు లాగేసుకుంటాడని కాదు. కొత్త కంప్యూటర్ కలిపిన ప్రతిసారీ ఫోన్ ‘Allow USB debugging?’ అని అడుగుతుంది. లాక్ తీసి, అవునని నొక్కాలి. అంటే మనిషి ఒప్పుకోకుండా జరిగేది కాదు. చిక్కు ఎక్కడంటే, షాపులో ఒకసారి అవునని నొక్కి, కింద ఉన్న ‘Always allow from this computer’ కూడా టిక్ పెడితే, ఆ కంప్యూటర్‌ను ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే కంప్యూటర్‌కు కలిపితే మళ్లీ అడగదు.

బ్యాంకు యాప్‌కు ఇవన్నీ విడదీసి చూసే ఓపిక లేదు. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నాయా లేదా అన్నది ఫోన్‌లో ఒక అంకెగా రాసి ఉంటుంది. ఆన్ అయితే 1, ఆఫ్ అయితే 0. ఆ అంకెను ఏ యాప్ అయినా మీ పర్మిషన్ అడక్కుండానే చదవగలదు. USB డీబగ్గింగ్‌కు కూడా అలాంటి అంకె ఒకటి ఉంది. కొన్ని బ్యాంకులు రెండో అంకె మాత్రమే చూసి, అది 1 అయితేనే ఆపేస్తాయి. కొన్ని మొదటిది 1 అయినా చాలు, తలుపు వేసేస్తాయి. కొన్ని ఒక హెచ్చరిక చూపించి లోపలికి పంపేస్తాయి. కొన్ని అసలు పట్టించుకోవు. అందుకే ఒకే ఫోన్‌లో మూడు బ్యాంకుల యాప్‌లుంటే ఒకటి తెరుచుకుంటుంది, ఇంకొకటి గొణుగుతుంది, మూడోది రానివ్వదు. ఫోన్ పాడైందని కాదు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ‘రిజర్వు బ్యాంకు రూలు’ అని కస్టమర్ కేర్‌లో చెబుతుంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరి 18న డిజిటల్ చెల్లింపుల భద్రత మీద మాస్టర్ డైరెక్షన్ ఇచ్చిన మాట నిజం. ఫోన్ రూట్ అయిందో లేదో పరీక్షించి, అయి ఉంటే యాప్ పనిచేయకుండా చేసే వీలును పరిశీలించమని అందులో ఉంది. దూరం నుంచి స్క్రీన్ నడిపే యాప్‌లను వీలైనంత వరకు గుర్తించి లాగిన్ ఆపాలని కూడా ఉంది. ఆ రెండూ రూటింగ్ గురించీ రిమోట్ యాప్‌ల గురించీ చెప్పినవి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే ఆపేయడం ఆయా బ్యాంకులు తమ జాగ్రత్త కోసం చేసుకున్న ఏర్పాటు. అందుకే బ్యాంకుకో రకంగా ఉంది. చదువు కోసం ఆ సెట్టింగు వాడే పిల్లాడికీ, మోసగాడి మాట విని ఆన్ చేసిన పెద్దాయనకూ ఒకే బాక్సు చూపించడం న్యాయంగా లేదనే ఫిర్యాదులో బలం ఉంది. కానీ ఫీజు కట్టాల్సిన రోజు ఆ వాదన పెట్టుకుని లాభం లేదు.

కడపలో ఒక ఇల్లు అనుకుందాం

ఉదాహరణకు కడపలో ఒక కుటుంబం. పెద్ద కొడుకు దమ్మామ్‌లో పని చేస్తూ నెలనెలా అమ్మీ అకౌంట్‌కు డబ్బు పంపుతాడు. చిన్నవాడు బీటెక్. కూతురి ఇంటర్ ఫీజు పద్దెనిమిది వేలు ఈ రోజు సాయంత్రంలోగా కట్టాలి. అమ్మీ ఫోన్‌లో యాప్ తెరుచుకోవడం లేదు. రెండు వారాల కిందట చిన్నవాడు తన ప్రాజెక్టు కోసం ఆ ఫోన్‌నే వాడాడు.

“బేటా, నా ఫోన్‌కు ఏం చేశావ్? నిన్నటిదాకా బాగానే ఉంది కదా” అంటుంది అమ్మీ. నిన్నటిదాకా బాగానే ఉండటం కూడా నిజమే అయివుంటుంది. యాప్ పాత వెర్షన్ ఆ అంకె చూసేది కాదు, రాత్రి అప్‌డేట్ అయిన వెర్షన్ చూస్తుంది. ఇలాంటి ఫిర్యాదులు అప్‌డేట్ వచ్చిన మర్నాడు గుంపుగా రావడానికి కారణం ఇదే.

కంగారులో ఎక్కువమంది చేసే మొదటి పని యాప్ తీసేయడం. అదే వద్దు. యాప్ తీసేసి మళ్లీ వేస్తే, ఫోన్‌ను బ్యాంకుతో కొత్తగా రిజిస్టర్ చేయాలి. ఫోన్‌లోని సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి, డెబిట్ కార్డు వివరాలు కావాలి. సిమ్‌లో రీచార్జ్ అయిపోయి ఉంటే ఎస్ఎంఎస్ వెళ్లదు. పైగా యూపీఐని కొత్తగా రిజిస్టర్ చేసుకున్నాక మొదటి 24 గంటలు సాధారణంగా ఐదు వేలకు మించి పంపనివ్వరు. పద్దెనిమిది వేల ఫీజు అక్కడే ఆగిపోతుంది. స్విచ్ ఆపితే పోయే సమస్యను యాప్ తీసేసి రేపటికి వాయిదా వేసుకున్నట్టవుతుంది.

యాప్‌ను అలాగే ఉంచి, సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. డెవలపర్ ఆప్షన్స్ పేజీ ఫోన్ కంపెనీని బట్టి ఒక్కో చోట ఉంటుంది. శాంసంగ్‌లో సెట్టింగ్స్ జాబితా అట్టడుగున కనిపిస్తుంది. రెడ్‌మీ, పోకో ఫోన్లలో ‘Additional settings’ లోపల ఉంటుంది. మోటోరోలా, పిక్సెల్ లాంటివాటిలో ‘System’ లోపల ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో developer అని కొడితే వచ్చేస్తుంది. వెతికినా రాలేదంటే అది ఆన్‌లో లేనట్టే. అప్పుడు యాప్ చూపించిన మెసేజీని మళ్లీ ఒకసారి చదవాలి.

పేజీ తెరిచాక వెంటనే పైనున్న స్విచ్ ఆపేయకుండా, ముందు ఒక చిన్న పని చేయడం మంచిది. కాస్త కిందకు వస్తే ‘Revoke USB debugging authorizations’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోన్ ఇదివరకు నమ్మిన కంప్యూటర్లన్నిటినీ మర్చిపోతుంది. షాపులో టిక్ పెట్టించుకున్న సంగతి గుర్తున్నా లేకపోయినా ఇది చేసేస్తే ఆ బెడద వదిలిపోతుంది. తర్వాత పైకి వెళ్లి ‘Use developer options’ లేదా ‘Developer options’ అని ఉన్న పెద్ద స్విచ్ ఆఫ్ చేయాలి. అది ఆఫ్ అయితే లోపలి USB డీబగ్గింగ్ కూడా దానితోపాటే ఆఫ్ అవుతుంది, విడిగా ఆపనక్కర్లేదు.

ఇక బ్యాంకు యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. వెనకాల నడుస్తున్న యాప్‌ల జాబితాలోంచి పైకి తోసేస్తే సరిపోతుంది. అప్పటికీ పాత బాక్సే వస్తే యాప్ ఐకాన్ మీద వేలు నొక్కి పట్టుకుని, ‘App info’ లోకి వెళ్లి ‘Force stop’ నొక్కి తెరవాలి. పక్కనే ఉన్న ‘Clear data’ మాత్రం నొక్కొద్దు. యాప్ తీసేసినా, డేటా చెరిపేసినా ఫలితం ఒకటే, మళ్లీ రిజిస్ట్రేషన్. ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే కూడా మంచిదే. అమ్మీ ఫోన్‌లో ఇంతటితో యాప్ తెరుచుకుంటుంది, ఫీజు వెళ్లిపోతుంది.

స్విచ్ ఆపాక ఒక తేడా కనిపించొచ్చు. యానిమేషన్ 0.5 పెట్టుకున్నవాళ్లకు ఫోన్ మళ్లీ నెమ్మదించినట్టు అనిపిస్తుంది. పెద్ద స్విచ్ ఆపితే ఆ సెట్టింగు మామూలు 1కి వెళ్లిపోతుంది మరి. దానికి డెవలపర్ ఆప్షన్స్ అవసరమే లేదు. సెట్టింగ్స్‌లో ‘Accessibility’ లోపల ‘Remove animations’ అనేది ఉంటుంది. అది ఆన్ చేస్తే స్క్రీన్లు ఇంకా చకచకా మారతాయి, బ్యాంకు యాప్‌లు చూసే ఆ అంకె మాత్రం 0గానే ఉంటుంది.

చిన్నవాడి ప్రాజెక్టు సంగతి? అవసరమైనప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవడానికి పది సెకన్లు చాలు. ఆన్ చేసినప్పుడల్లా బ్యాంకు యాప్ మూగబోతుందని గుర్తుంచుకోవాలంతే. కంప్యూటర్‌లోనే నడిచే ఎమ్యులేటర్ వాడొచ్చు, లేదా సిమ్ లేని పాత ఫోన్ ఒకటి దానికి కేటాయించుకోవచ్చు. ‘సెకండ్ స్పేస్’, వర్క్ ప్రొఫైల్ లాంటివి పెట్టుకుని బ్యాంకు యాప్‌ను అందులో దాస్తే పని జరుగుతుందని కొందరు ప్రయత్నిస్తారు. జరగదు. ఆ 1, 0 అంకె ఫోన్ మొత్తానికి ఒకటే. ఏ గదిలోంచి చూసినా అదే కనిపిస్తుంది.

రూటింగ్ కథ వేరు

స్విచ్ ఆపినా యాప్ తెరుచుకోలేదు, మెసేజ్‌లో ‘rooted’ అనో ‘device integrity’ అనో ఉంది. అప్పుడు సంగతి పెద్దది.

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ సమాచారం ఇంకో యాప్ చూడలేదు. ఒక్కోదానికి ఒక్కో గది, తాళం సిస్టమ్ చేతిలో. ఫోన్ యజమాని కూడా ఆ గోడలు దాటలేడు. రూటింగ్ అంటే ఆ సిస్టమ్ అధికారాన్నే చేతిలోకి తీసుకోవడం. అప్పుడు ఏ గది తాళమైనా వస్తుంది. రూట్ అధికారం దొరికిన యాప్ బ్యాంకు యాప్ గదిలోకీ తొంగి చూడగలదు. యజమాని మంచి ఉద్దేశంతోనే చేసుకుని ఉండొచ్చు, కంపెనీ నింపిన పనికిరాని యాప్‌లు తీసేయడానికో, అప్‌డేట్‌లు ఆగిపోయిన ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వేసుకోవడానికో. అది బ్యాంకుకు తెలిసే దారి లేదు.

రూట్ చేయాలంటే సాధారణంగా ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి. ఫోన్ ఆన్ చేయగానే మొట్టమొదట నడిచేది బూట్‌లోడరే. లోపలి సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ ముద్ర సరిగ్గా ఉందో లేదో చూసి, ఉంటేనే ముందుకు పంపడం దాని పని. ఆ తాళం తీస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఎక్కుతుంది. తాళం తీసినప్పుడు ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోయేలా పెట్టింది కూడా అందుకే. దొంగ చేతిలో పడ్డ ఫోన్‌కు తాళం తీస్తే పాత ఫొటోలు, యాప్‌లు దొరక్కూడదని.

ఇంతకీ బ్యాంకు దీన్ని ఎలా పట్టుకుంటుంది? మొదట యాప్ తనే లోపల చూసుకుంటుంది. su అనే ఫైలు ఉందా, మ్యాజిస్క్ లాంటి రూటింగ్ సాధనం జాడ ఉందా అని. కానీ రూట్ అయిన ఫోన్ అబద్ధం చెప్పగలదు, ఫైళ్లు దాచగలదు. అందుకే ఇంకో పద్ధతి ఉంది, దాని పేరు ప్లే ఇంటెగ్రిటీ. ఇందులో గూగుల్ ఫోన్‌ను పరీక్షించి, తీర్పును మూసిన కవరులో పెట్టి ఇస్తుంది. యాప్ ఆ కవరు విప్పలేదు, నేరుగా బ్యాంకు సర్వర్‌కు పంపుతుంది. అక్కడ విప్పి చూసి, ఫోన్ సాఫ్ట్‌వేర్ అసలుదా, బూట్‌లోడర్ తాళం వేసి ఉందా అన్నది తెలుసుకుంటారు. గట్టి తీర్పు కావాలంటే ఫోన్ లోపలి చిప్‌లో ఉండే తాళంచెవితో సంతకం చేయిస్తారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చడం చాలా కష్టం. గూగుల్ పాత పద్ధతి సేఫ్టీనెట్‌ను పక్కన పెట్టి దీన్ని తెచ్చాక, ఎన్నాళ్లుగానో పనిచేసిన చిట్కాలు ఒక్కొక్కటిగా పనికిరాకుండా పోతున్నాయి.

ఇందులో ఒక వింత ఉంది. ఐదారేళ్లుగా ఒక్క సెక్యూరిటీ అప్‌డేట్ కూడా లేని పాత ఫోన్, తాళం చెక్కుచెదరలేదు కాబట్టి, చాలా బ్యాంకు యాప్‌ల దగ్గర పాసైపోతుంది. అదే ఫోన్‌కు తాళం తీసి, కొత్త అప్‌డేట్‌లున్న సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫెయిలవుతుంది. పరీక్ష చూసేది ఫోన్ ఎంత భద్రంగా ఉందన్నది కాదు, కంపెనీ ముద్ర అలాగే ఉందా అన్నది.

ఇప్పుడు రీసెట్ సంగతి. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మీ యాప్‌లు, ఫొటోలు, మెసేజీలు పోతాయి. బూట్‌లోడర్ తాళం మాత్రం తీసింది తీసినట్టే ఉంటుంది, మార్చిన సిస్టమ్ మార్చినట్టే ఉంటుంది. డేటా పోగొట్టుకుని కూడా అదే బాక్సు ముందు నిలబడాల్సి వస్తుంది. సరైన దారి ఏంటంటే, కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మళ్లీ ఎక్కించి, ఆ తర్వాతే బూట్‌లోడర్‌కు తాళం వేయడం. తాళం వేసినప్పుడు కూడా డేటా చెరిగిపోతుంది, ముందే బ్యాకప్ తీసుకోవాలి. వరస తారుమారై, మార్చిన సాఫ్ట్‌వేర్ లోపల ఉండగానే తాళం వేస్తే, బూట్‌లోడర్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకోదు, ఫోన్ అసలు ఆన్ కాకుండా రాయిలా మిగిలిపోవచ్చు. అలవాటు లేనివాళ్లు ఇంట్లో ప్రయత్నించే పని కాదిది, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే మేలు. శాంసంగ్ ఫోన్లలో అయితే ఒకసారి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కితే నాక్స్ అనే గుర్తు లోపల శాశ్వతంగా మారిపోతుంది. అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్ లాంటివి మళ్లీ రావు.

‘రూట్ దాచే’ మాడ్యూళ్లు, ‘బ్యాంకు చెక్ తీసేసిన’ యాప్ ఫైళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. దాచే మాడ్యూల్ ఈ వారం పనిచేసి వచ్చే వారం పనిచేయకపోవచ్చు. అది చిరాకు మాత్రమే. మార్చిన బ్యాంకు యాప్ ఫైలు మాత్రం అలా కాదు. అందులో చెక్ తీసేసినవాడు ఇంకేం పెట్టాడో ఎవరికీ తెలియదు, అందులో కొట్టేది మీ పిన్నే.

ఫోన్ కొనేముందు చూసుకోవాల్సింది

తను ఎన్నడూ రూట్ చేయని ఫోన్‌లో ‘రూటెడ్’ అని వస్తే, ఆ ఫోన్ సెకండ్ హ్యాండ్‌ది అయి ఉండటానికే అవకాశం ఎక్కువ. లేదా చైనా మార్కెట్ కోసం తయారైన సెట్‌ను ఎవరో దిగుమతి చేసి, ఇంగ్లీషు, గూగుల్ యాప్‌లు రావడానికి బూట్‌లోడర్ తాళం తీసి వేరే సాఫ్ట్‌వేర్ వేసి అమ్మింది కావచ్చు. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు చవగ్గా దొరికిందని తెచ్చే సెట్లలోనూ, ఇక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లోనూ ఇలాంటివి తగలొచ్చు. కొన్న రోజు అన్నీ పనిచేస్తాయి, కెమెరా బాగుంటుంది, వాట్సాప్ నడుస్తుంది. బ్యాంకు యాప్ వేసినప్పుడే బయటపడుతుంది, అప్పటికి షాపువాడు ‘అమ్మేటప్పుడు బాగానే ఉంది’ అంటాడు.

డబ్బు ఇవ్వకముందే షాపులోనే చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఫోన్‌ను పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయించండి. బూట్‌లోడర్ తాళం తీసిన ఫోన్ అయితే మొదటి కొన్ని సెకన్లలో నల్లటి స్క్రీన్ మీద హెచ్చరిక రాతలు వస్తాయి, సాఫ్ట్‌వేర్‌కు భరోసా లేదని వాటి అర్థం. షావొమీ ఫోన్లలో కంపెనీ గుర్తు వచ్చే స్క్రీన్ మీదే తెరిచిన తాళం బొమ్మో ‘Unlocked’ అన్న మాటో కనిపిస్తుంది. రీస్టార్ట్ చేసేటప్పుడు షాపువాడు స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టకుండా చూసుకోవాలి.

తర్వాత ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు బొమ్మ నొక్కి, ‘Settings’ లోకి, అందులో ‘About’ లోకి వెళ్లండి. ‘Play Protect certification’ కింద ‘Device is certified’ అని ఉండాలి. ‘not certified’ అని ఉంటే ఆ ఫోన్ వదిలేయొచ్చు. సర్టిఫైడ్ అని ఉన్నంత మాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు, రూట్ దాచిన ఫోన్‌లో కూడా అలా కనిపించొచ్చు. అందుకే రీస్టార్ట్ పరీక్షను వదలొద్దు. చివరిగా, అక్కడే మీ బ్యాంకు యాప్ వేసి తెరిచి చూడండి. లాగిన్ కావాల్సిన పని లేదు, మొదటి స్క్రీన్ దాటి సిమ్ ఎంచుకోమని అడిగిందంటే చాలావరకు చెక్ దాటినట్టే. దాటలేదంటే షాపువాడి ముందే తేలిపోతుంది. ఆ తర్వాత యాప్ తీసేయండి.

యాప్ తెరుచుకునేదాకా

ఫోన్ సర్వీస్ సెంటర్‌లో ఉన్నా, స్విచ్ దొరక్కపోయినా ఆ రోజు పని ఆగనక్కర్లేదు. బ్యాంకు నెట్‌బ్యాంకింగ్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే ఈ బాక్సు రాదు. వెబ్ పేజీకి ఫోన్‌లోని డెవలపర్ సెట్టింగు కనిపించదు. అయితే రూట్ అయిన ఫోన్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టడం తెలివైన పని కాదు, ఇంట్లో ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చేసుకోవాలి. చిన్న మొత్తాలకు *99# ఉంది. బ్యాంకులో నమోదైన నంబరు నుంచి డయల్ చేస్తే ఇంటర్నెట్ లేకుండా, బటన్ ఫోన్ నుంచి కూడా యూపీఐ నడుస్తుంది, ఒకసారికి ఐదు వేల దాకా. సిమ్ తీసి పాత బటన్ ఫోన్‌లో వేసుకుంటే స్మార్ట్‌ఫోన్‌తో పనే లేదు. ఫీజు లాంటి పెద్ద మొత్తానికి కాలేజీ చలానాతో బ్యాంకు బ్రాంచికి వెళ్లడం ఎలాగూ ఉంది.

ఇంకో రకం ఫోన్ కాల్ గురించి ఇంట్లో పెద్దవాళ్లకు విడిగా చెప్పి ఉంచాలి. ‘మీ యాప్ బ్లాక్ అయింది, సరిచేస్తాం, సెట్టింగ్స్‌లో నేను చెప్పినచోట నొక్కండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది బ్యాంకు కాదు. ఏ బ్యాంకూ కస్టమర్‌ను బిల్డ్ నంబర్ ఏడుసార్లు నొక్కమనదు, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమనదు, వాట్సాప్‌లో ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమనదు. అలాంటి ఫోన్ వచ్చి, చెప్పింది చేసేసి ఉంటే, వెంటనే మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి అకౌంట్ ఆపించాలి. డబ్బు పోయి ఉంటే 1930కి కాల్ చేయాలి, లేదా cybercrime.gov.inలో ఫిర్యాదు పెట్టాలి. ఎంత ముందు చెబితే డబ్బు అవతలి అకౌంట్‌లో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ.